ఒక్క పాయింటు కోసం లీడ్ ఏపీ కావాలా?

"సివిల్ పూర్తిచేసి సైటులో పనిచేస్తున్నాను. లీడ్ అనే గ్రీన్ బిల్డింగ్ రేటింగులో నిపుణుడిగా గుర్తింపునిచ్చే లీడ్ ఏపీ పరీక్ష రాయమంటున్నారు. మన విజయవాడలో క్లయింట్లు నిజంగా అడుగుతారా?"

గుంటూరు సివిల్ ఇంజినీర్: నేను ఏళ్ల తరబడి అపార్ట్‌మెంట్లు కడుతున్నాను. ఒక్క ఓనరూ అడగలేదు. వాళ్లకు కావలసింది వాస్తు, నీళ్లు, కారు పార్కింగ్. ఆ డబ్బు దండగ.

విజయవాడ ఆర్కిటెక్ట్: ఇంటి ఓనర్ అడగడు సార్, నిజమే. అడిగించేది ఆఫీసు అద్దెకు తీసుకునే పెద్ద కంపెనీ. బిల్డింగుకు లీడ్ గోల్డ్ ఉండాలని అది షరతు పెడితే, బిల్డర్ మాలాంటివాళ్లను పిలిచేటప్పుడే టీములో ఏపీ ఎవరని అడుగుతాడు.

ఇంజినీర్: ఆ ఏపీ సంతకం పెడితే గోల్డ్ ఇచ్చేస్తారా?

ఆర్కిటెక్ట్: ఇవ్వరు. బిల్డింగును విడిగా రిజిస్టర్ చేసి, డ్రాయింగులు, కరెంటు, నీటి లెక్కలు పంపితే లీడ్ వాళ్లు పరిశీలించి రేటింగ్ ఇస్తారు. ఏపీ ఉన్నందుకు వచ్చేది 110లో ఒక్క పాయింటే. గోల్డ్‌కు 60 కావాలి. 59 దగ్గర ఆగిన బిల్డింగుకు మాత్రం ఆ ఒక్కటే సిల్వర్‌ను గోల్డ్ చేస్తుంది. అదీ కొత్త కట్టడానికి ఏపీలో బీడీ ప్లస్ సీ విభాగం చేసినవాళ్లు ఉంటేనే. నడుస్తున్న బిల్డింగుల కోసం ఉన్న ఓ ప్లస్ ఎం విభాగం చేసినవాళ్లను చూపిస్తే ఆ పాయింటు రాదు. ఏపీకి ముందు మెట్టయిన గ్రీన్ అసోసియేట్ పరీక్ష ఒక్కటే పాసైనవాళ్లకూ రాదు.

ఇంజినీర్: నా సంగతి వినమ్మా. మంగళగిరి దగ్గర ఒక ఆఫీసు బిల్డింగ్ కట్టాం. రెండో స్లాబ్ అయ్యాక క్లయింటు గోల్డ్ కావాలన్నాడు. ఏపీని తెచ్చాం, ఫీజు ఇచ్చాం. రేటింగ్ రాలేదు. అందుకే ఈ సర్టిఫికెట్లంటే నమ్మకం పోయింది.

ఆర్కిటెక్ట్: సెల్లార్ తవ్వేటప్పుడు మట్టి కొట్టుకుపోకుండా ఏం చేశారు?

ఇంజినీర్: వానాకాలం కదా, బురదంతా రోడ్డెక్కింది. తర్వాత కడిగించాం.

ఆర్కిటెక్ట్: అక్కడే పోయింది సార్. మట్టి, బురద బయటికి పోకుండా ప్లాన్ వేసుకుని, తవ్వకం మొదలైనప్పటి నుంచి అమలు చేయడం తప్పనిసరి షరతు. దానికి పాయింట్లుండవు. అది తప్పితే మిగతా చోట్ల ఎన్ని పాయింట్లొచ్చినా రేటింగ్ రాదు. ఫోటోలు, రికార్డు అప్పటివే కావాలి. ఏపీని తవ్వకానికి ముందే పిలిచి ఉంటే చెప్పేవాడు.

ఇంజినీర్: సరే, ఆలస్యం మాదే అనుకుందాం. కానీ ఈ అబ్బాయి ఇప్పుడు రాస్తే, అలాంటి పని ఎప్పుడొస్తుంది? అప్పటిదాకా ఆ సర్టిఫికెట్ నిలుస్తుందా?

ఆర్కిటెక్ట్: రెండేళ్లకోసారి 30 గంటల శిక్షణ చూపించి రెన్యూవల్ ఫీజు కడితే నిలుస్తుంది. తన ఆఫీసుకు కమర్షియల్ పనులొస్తుంటే ఇప్పుడే రాయమంటాను. అపార్ట్‌మెంట్లే అయితే మన ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ఇచ్చే ఐజీబీసీ ఏపీ చూసుకోవచ్చు.

ఇంజినీర్: అపార్ట్‌మెంట్ల బిల్డర్లు అదీ అడగరమ్మా. నేనైతే టెండర్ కాగితం చేతికొచ్చాకే ఫీజు కట్టమంటాను.

ఆర్కిటెక్ట్: టెండర్ గడువులోపల చదివి రెండు పరీక్షలు పాసవడం అయ్యే పనేనా సార్?