మాటకి 50 పైసలంటే, ఏ భాష మాటకి?

"తెలుగు నుంచి ఇంగ్లీషు అనువాదానికి మాటకి 50 పైసలకు మించి అడిగితే పని రాదు. మాట అంటే మాటే, ఏ భాషలో లెక్కపెట్టినా ఒకటే. మొదట తక్కువకి చేసి పేరు తెచ్చుకోండి, రేటు తర్వాత అదే పెరుగుతుంది. రోజూ పది బిడ్లు వేస్తే క్లయింట్లు నిలబడతారు."

బెంగళూరులో ఉంటూ అనువాదం మీదే ఇల్లు నడుపుకుంటున్న నాకు ఈ నాలుగు వాక్యాలు ఈ నెలలోనే ముగ్గురు పంపారు. ముగ్గురూ ఇప్పుడిప్పుడే ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు. అందుకే ఒక్కొక్కటీ తీసుకుని జవాబు రాస్తున్నాను. రెండో వాక్యంతో మొదలుపెడతాను, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

"చెల్లించనందువల్ల" తెలుగులో ఒక్క మాట. ఇంగ్లీషులో పెడితే "బికాజ్ హీ డిడ్ నాట్ పే", అయిదు మాటలు. క్రయ దస్తావేజులో వచ్చే వాక్యం చూడండి: "ఈ దిగువ షెడ్యూలులో వివరించిన స్థిరాస్తిని మీకు విక్రయించినాము." ఇవి ఏడు మాటలు, నా ఇంగ్లీషులో పదమూడు అయ్యాయి. విభక్తులు, కాలం, వ్యతిరేకం, కర్త అన్నీ తెలుగు మాట తనలోనే కలిపేసుకుంటుంది, ఇంగ్లీషు వాటిని విడివిడిగా రాస్తుంది. నేను చేసిన ఫైళ్ళలో వెయ్యి తెలుగు మాటలకి ఇంగ్లీషులో 1,500 నుంచి 1,800 దాకా వచ్చాయి. కాబట్టి రేటు సోర్స్ వర్డ్ మీదా, అంటే మూలంలోని తెలుగు మాట మీదా, లేక టార్గెట్ వర్డ్ మీదా, అంటే మనం రాసే ఇంగ్లీషు మాట మీదా అన్నది తేలకుండా పైసలు మాట్లాడుకోవడం దండగ.

ఇందులో ఇంకో చిక్కుంది. "ఇవ్వవలసియున్నది" అని ఒకరు కలిపి టైప్ చేస్తారు, ఇంకొకరు "ఇవ్వ వలసి యున్నది" అని విడగొడతారు. అదే అర్థం, అదే శ్రమ. వర్డ్ ఫైల్ మాత్రం మొదటిదాన్ని ఒకటిగా, రెండోదాన్ని మూడుగా లెక్కపెడుతుంది. అంటే మన కూలి ఎవరో టైపిస్టు స్పేస్ బార్ మీద ఆధారపడి ఉందన్నమాట. ఇక స్కాన్ చేసిన చేతిరాత దస్తావేజుకైతే సోర్స్ కౌంటే రాదు. అందుకే నేను టార్గెట్ వర్డ్ మీదే ధర చెబుతాను. ముందే మొత్తం తెలియాలని క్లయింటు పట్టుబడితే ఒక పేజీ చేసి చూసి, దాన్నిబట్టి పనంతటికీ ఒకే ధర ఇస్తాను.

నాకిది దెబ్బ తిన్నాకే తెలిసింది. మొదటి ఏడాది ఒక ఏజెన్సీ రైతుల ఇంటర్వ్యూలు ఇచ్చింది. మొత్తం 4,000 తెలుగు మాటలు, మాటకి 80 పైసలు. ఒప్పుకునేటప్పుడు నా బుర్రలో ఉన్నది ఇంగ్లీషు మాట. పని పూర్తయ్యేసరికి ఇంగ్లీషు 6,400 మాటలైంది, అయిదు రోజులు పట్టింది. చేతికొచ్చింది 3,200 రూపాయలు. ఇంగ్లీషు మాటకి లెక్కేస్తే సరిగ్గా 50 పైసలు! ఏజెన్సీ పంపిన పని ఆర్డరులో, అంటే పీఓలో, "సోర్స్" అని రాసే ఉంది. నేను చదవలేదు.

మరి న్యాయమైన రేటు ఎంత? అది బజారు చెప్పేది కాదు, మీ నెల చెప్పాలి. నా లెక్క ఇలా ఉంటుంది. ఇంటికి 45,000 కావాలి. ఇంటర్నెట్, డబ్బు బదిలీ కోతలు, కంప్యూటర్ మరమ్మతులకి ఇంకో 5,000 కలిపితే మొత్తం 50,000. రెండోసారి చదివి దిద్దుకోవడం కూడా కలుపుకుని నేను రోజుకి శ్రద్ధగా చేయగలిగేది 1,500 ఇంగ్లీషు మాటలు. నెలలో 22 పనిరోజులున్నా కూలి వచ్చే రోజులు 15కి మించవు. మిగతావి కొటేషన్లకి, సందేహాల ఈమెయిళ్ళకి, ఇన్‌వాయిస్‌లకి, పని కోసం ఎదురుచూపులకి పోతాయి. అంటే నెలకి 22,500 మాటలు. 50,000ని దానితో భాగిస్తే టార్గెట్ వర్డ్‌కి సుమారు 2 రూపాయల 20 పైసలు వస్తుంది. అదే సోర్స్ వర్డ్ మీదైతే, 1.6 రెట్ల లెక్కన, మూడున్నర రూపాయలు. ఇంత శ్రమనే 50 పైసలకి చేస్తే నెలకొచ్చేది 11,250. కె.ఆర్. పురంలో చిన్న ఇంటి అద్దెకే అది అటూ ఇటూ అవుతుంది. మీ అంకెలు వేరుగా ఉంటాయి, భాగహారం మాత్రం ఇదే. వచ్చిన అంకెకి కింద ఒప్పుకున్న ప్రతి పనికీ మీ ఇంట్లోవాళ్ళ జేబులోంచి డబ్బు పోతున్నట్టే.

తక్కువకి మొదలుపెడితే రేటు అదే పెరుగుతుందన్నది నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఏజెన్సీ మొదటిసారి మీ పేరు పక్కన రాసుకున్న అంకే తర్వాతి పీఓల్లోనూ వస్తుంది. నా రేటు పెరిగింది కొత్త క్లయింటుకి కొత్త ధర చెప్పినప్పుడే. బడ్జెట్ లేదంటే నేను ధర తగ్గించను, పని తగ్గిస్తాను: పట్టికలు యథాతథంగా పేర్చడం, ముద్రల వివరాలు రాయడం, ధ్రువీకరణ పత్రం, వీటిలో ఏది వద్దో వాళ్ళనే చెప్పమంటాను. చిన్న పనులకి కనీస ధర ఒకటి పెట్టుకోండి. నలభై మాటల జనన ధ్రువపత్రానికి మాటల లెక్క కడితే ఈమెయిళ్ళ సమయం కూడా రాదు.

బిడ్ల సంగతి. ఫ్రీలాన్స్ పనులు దొరికే Upwork సైట్‌లో ప్రతిపాదన పంపడానికే కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి, పని వచ్చాక కమిషన్ వేరే. అక్కడ పడేవి చాలావరకు ఒక్కసారి పనులు. నిలకడగా వచ్చే పని కావాలంటే ఉత్త "అనువాదం" అని కాక, ఆ పనికున్న ప్రత్యేకమైన పేరుతో వెతకాలి. నా విషయంలో అది బ్యాక్ ట్రాన్స్‌లేషన్.

మందుల పరీక్షల్లో పాల్గొనేవాళ్ళకి తెలుగులో సమ్మతి పత్రం ఇస్తారు. ఆ తెలుగు సరిగ్గా ఉందో లేదో తెలుగు రానివాళ్ళకి తెలియాలి కదా! అందుకే మూలం ఇంగ్లీషు చూడని మరో అనువాదకుడు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తాడు. ఇక్కడ అందమైన ఇంగ్లీషు రాయడం తప్పు. "మగత" అనాల్సిన చోట తెలుగులో "మత్తు" అని పడి ఉంటే, మూలంలో ఏముంటుందో ఊహించి సర్దేయకూడదు. ఉన్నది ఉన్నట్టు మార్చి, పక్కన గమనిక రాయాలి. ఆ తేడాని పట్టుకోవడానికే మనకి డబ్బిస్తున్నారు. పైగా పరీక్ష నియమాలు మారితే ఆ పత్రం కొత్త వెర్షన్ వస్తుంది, దాంతో పని మళ్ళీ వస్తుంది. అప్పుడు మారిన వాక్యాలకే డబ్బిస్తామంటారు. మిగతాది కూడా చదివి సరిపోల్చాల్సి ఉంటుంది కాబట్టి ఆ సమయానికి గంటల లెక్కన అడగండి.

ఇలాంటి ఏజెన్సీలకి రాసేటప్పుడు "అన్ని రంగాలూ చేస్తాను" అనకండి. ఈమెయిల్ సబ్జెక్టులోనే భాషాజంట, రంగం, రోజుకి ఎన్ని మాటలు చేయగలరో పెట్టండి. ముందుగా అనువాదకుల సైట్ ProZ.comలోని Blue Boardలో ఆ ఏజెన్సీ గురించి తోటి అనువాదకులు ఏం రాశారో చూడండి. డబ్బు ఆలస్యం చేసేవాళ్ళ సంగతి అక్కడ బయటపడుతుంది. ఉచిత పరీక్షగా 250 మాటలు అడిగితే చేయవచ్చు. 1,500 అడిగితే అది పరీక్ష కాదు, పనే.

పని మొదలుపెట్టే ముందు పీఓలో మూడు చూసుకోండి: సోర్సా టార్గెటా, డబ్బు ఎన్ని రోజులకి, ఆ రోజులు ఇన్‌వాయిస్ తేదీ నుంచా లేక నెలాఖరు నుంచా. నెలాఖరు నుంచి 60 రోజులంటే, రెండో తారీఖున ఇచ్చిన పనికి దాదాపు మూడు నెలలు ఆగాలి.