క్యాష్‌ను చెడగొట్టేది రాసేవాడు కాదు, ఆలస్యంగా చదివినవాడు

సిస్టమ్ డిజైన్ గురించి ఎక్కడ మాట మొదలైనా వేగం కోసం డేటాబేస్ ముందు విలువల నకళ్లు దాచుకునే క్యాష్ దగ్గరికి వచ్చేసరికి అదే పంచాయితీ: రైట్ త్రూ మేలా, రైట్ బ్యాక్ మేలా? ఇంటర్వ్యూలో అడిగేవారూ అదే అడుగుతారు, చెప్పేవారూ బోర్డు మీద అవే రెండు బొమ్మలు గీస్తారు. పాత డేటా సమస్యకు పరిష్కారం ఈ ఎంపికలోనే దాగి ఉందన్నట్టు చర్చ సాగుతుంది. నా మటుకు ఇది తప్పు చోట వెతుకులాట. యూజర్‌కి పాత విలువ కనిపించే ఉదంతాలను తవ్వి చూస్తే, రాత ఏ పద్ధతిలో జరిగిందన్నది చాలాసార్లు పక్క విషయమే. క్యాష్‌లోకి చెత్త వచ్చేది చదివే దారిలోంచి.

ముందు రైట్ బ్యాక్ సంగతి తేల్చేద్దాం. రాత క్యాష్‌కి చేరగానే ‘అయిపోయింది’ అని జవాబిచ్చి, డేటాబేస్‌కి తీరిగ్గా పంపించే పద్ధతి ఇది. ఇందులో అసలు భయం డేటా పాతబడటం కాదు, పోవటం. లినక్స్ పేజ్ క్యాష్ చేసేది ఇదే. ఫైల్‌లో మార్చిన పేజీ డీఫాల్ట్‌గా దాదాపు 30 సెకన్లు మెమరీలోనే ఉండిపోవచ్చు, ఆ లోపల కరెంటు పోతే దానితోపాటే పోతుంది. డేటాబేస్‌లు కమిట్ దగ్గర `fsync` పిలిచి డిస్క్ మీద పడిందాకా ఆగేది అందుకే. వీడియో ఎన్నిసార్లు చూశారన్న లెక్క కొంత పోయినా ఎవరూ ఏడవరు కాబట్టి అక్కడ రైట్ బ్యాక్ పెట్టుకోవచ్చు, డబ్బు లెక్కలకు పెట్టకూడదు. ఇందులో వాదించటానికి ఇంతకుమించి ఏమీ లేదు.

రైట్ త్రూ దగ్గరే అసలు మోసం ఉంది. పుస్తకంలోని రైట్ త్రూలో రాతలన్నీ క్యాష్ గుండానే వెళ్తాయి. ఒక కీకి వచ్చిన రాతలను క్యాషే వరుసలో పెట్టి, డేటాబేస్‌కి చేరిన తర్వాతే జవాబిస్తుంది. మన కోడ్‌లో ఆ పేరుతో ఉండేది మాత్రం వేరు: ముందు డేటాబేస్‌లో రాయి, తర్వాత మన క్యాష్ సర్వర్ అయిన రెడిస్‌లో రాయి, రెండు వేర్వేరు లైన్లు, వాటి మధ్యన నెట్‌వర్క్. రెండు రిక్వెస్టులు ఒకేసారి వచ్చాయనుకోండి. డేటాబేస్‌లో మొదటిది స్టాక్‌ను 9 చేసింది, రెండోది 8 చేసింది. రెడిస్ దగ్గరికి వచ్చేసరికి మొదటిది నెట్‌వర్క్‌లో కాస్త ఆలస్యమై రెండోదాని తర్వాత చేరింది. డేటాబేస్‌లో 8, క్యాష్‌లో 9. ఏ లైనూ ఫెయిల్ కాలేదు, లాగ్‌లో ఎర్ర గీత లేదు. దీన్ని రైట్ త్రూ అని పిలవటం పేరుకు అన్యాయం చేయటమే. ఇది రెండు చోట్ల విడివిడిగా రాయటం, అంతే.

ఈ చిక్కు తెలిసినవారు తెలివిగా ఇంకో దారి పట్టారు. రాసేవాడు క్యాష్‌లో విలువ పెట్టడు, కీని తీసేస్తాడు. తర్వాత చదివేవాడికి క్యాష్‌లో ఏమీ దొరక్క డేటాబేస్‌కి వెళ్లి, తెచ్చిన విలువను క్యాష్‌లో పెడతాడు. క్యాష్ అసైడ్ అంటారు. తీసివేత ఎన్నిసార్లు జరిగినా, ఏ వరుసలో జరిగినా ఫలితం ఒకటే కాబట్టి రాసేవాళ్ల మధ్య గొడవ నిజంగానే తీరిపోతుంది. ఇక్కడితో ఊపిరి పీల్చుకునేవారే ఎక్కువ.

కానీ ఈ ఉదాహరణ చూడండి. `item:42` కీ క్యాష్‌లో లేదు, డేటాబేస్‌లో స్టాక్ 10. చదివే ప్రాసెస్ ఒకటి వచ్చి, క్యాష్‌లో దొరక్క, 2వ మిల్లీసెకనులో డేటాబేస్ నుంచి 10 తెచ్చుకుంది. సరిగ్గా అప్పుడే దానికి వాడని మెమరీని శుభ్రం చేసుకునే గార్బేజ్ కలెక్షన్ విరామం వచ్చి ఆగిపోయింది. 5వ మిల్లీసెకనులో రాసే ప్రాసెస్ స్టాక్‌ను 9కి మార్చి కమిట్ చేసింది. 7వ మిల్లీసెకనులో క్యాష్‌లో కీని తీసెయ్యమంది. అక్కడ తీసెయ్యటానికి ఏమీ లేదు, రెడిస్ 0 అని జవాబిచ్చింది, అంతా సవ్యమే. 40వ మిల్లీసెకనులో మొదటి ప్రాసెస్ మేలుకుని, చేతిలో ఉన్న 10ని క్యాష్‌లో పెట్టేసింది. గడువు గంట. ఆ గంటా, మధ్యలో ఇంకో రాత రాకపోతే, వచ్చిన ప్రతివాడికీ 10 అనే కనిపిస్తుంది.

ఇందులో రాసినవాడి తప్పేముంది? డేటాబేస్‌ను మార్చాడు, కీని తీసేశాడు, చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. చెడిపోయింది చదివినవాడి చేతుల్లో. క్యాష్ నింపటం కూడా ఒక రాతే. పైగా అది పాత సమాచారంతో, ఎవరి అనుమతీ లేకుండా జరిగే రాత. మన చర్చలన్నీ రాసేవాడి చుట్టూ తిరుగుతూ ఈ దొంగ రాతను వదిలేస్తున్నాయన్నదే నా ఫిర్యాదు.

దీనికి చాలా టీమ్‌లలో దొరికే నాటు వైద్యం రెండుసార్లు తీసెయ్యటం: కీని తీసి, అర సెకను ఆగి, మళ్లీ తీసెయ్యటం. విరామం 600 మిల్లీసెకన్లయితే ఏమిటి గతి? జవాబు లేదు. ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2013లో తమ మెమ్‌క్యాష్ వ్యవస్థ మీద ప్రచురించిన పేపర్‌లో ఇంతకంటే మర్యాదైన మందు ఉంది, పేరు లీజ్. క్యాష్‌లో దొరకనివాడికి క్యాష్ ఒక టోకెన్ ఇస్తుంది, నింపాలంటే ఆ టోకెన్ చూపించాలి. మధ్యలో కీని ఎవరైనా తీసేస్తే టోకెన్ చెల్లదు. మన కథలో 7వ మిల్లీసెకనులోనే టోకెన్ రద్దవుతుంది, 40వ మిల్లీసెకనులో తెచ్చిన 10ని క్యాష్ తిరస్కరిస్తుంది. అదే టోకెన్‌ను ఒక కీకి పది సెకన్లకు ఒక్కసారే ఇచ్చేటట్టు చేస్తే, గుంపుగా డేటాబేస్ మీద పడే రద్దీ కూడా తగ్గుతుంది. అలాంటి రద్దీకి గురయ్యే కొన్ని కీల మీద డేటాబేస్ క్వెరీల గరిష్ఠ స్థాయి సెకనుకు 17 వేల నుంచి 1,300కి దిగిందని ఆ పేపర్ చెబుతుంది.

లీజ్‌కీ ఒక గుడ్డిచోటు ఉంది. రాత అయిపోయింది, కీ తీసేశారు, ఆ తర్వాతే చదివేవాడు వచ్చాడు. టోకెన్ కొత్తదే, చెల్లుతుంది. కానీ అతను చదివింది ప్రైమరీ డేటాబేస్‌కి నకలైన, ఇంకా వెనకబడి ఉన్న రెప్లికాలోంచి. అక్కడ ఇప్పటికీ 10 ఉంది. నిజాయితీగా తెచ్చిన పాత విలువ నిజాయితీగా క్యాష్‌లోకి వెళ్తుంది. అందుకే నా ఓటు వెర్షన్ నంబరుకి. డేటాబేస్‌లో ప్రతి వరుసకూ ఒక వెర్షన్ కాలమ్ పెట్టండి, ప్రతి మార్పుకీ ఒకటి పెంచండి. క్యాష్‌లో పెట్టేవాడు ఎవరైనా ఈ చిన్న స్క్రిప్టు గుండానే పెట్టాలి:

```lua
local cur = redis.call('HGET', KEYS[1], 'ver')
if cur and tonumber(cur) > tonumber(ARGV[1]) then
  return 0
end
redis.call('HSET', KEYS[1], 'ver', ARGV[1], 'val', ARGV[2])
redis.call('EXPIRE', KEYS[1], ARGV[3])
return 1
```

ఇందులో ఒక మెలిక ఉంది. రాసేవాడు కీని `DEL` చేస్తే వెర్షన్ కూడా చెరిగిపోతుంది, అప్పుడు పాత విలువను ఆపే కాపలా ఉండదు. కాబట్టి అతను తీసెయ్యకూడదు. పాత వెర్షన్ 11 అయితే కొత్త వెర్షన్ 12ని, ఖాళీ విలువతో, ఇదే స్క్రిప్టు ద్వారా పెట్టాలి. ఖాళీని చూసిన చదువరి డేటాబేస్‌కి వెళ్తాడు. వెనకబడ్డ రెప్లికా నుంచి వెర్షన్ 11 తెస్తే తిరస్కారం, 12 తెస్తే స్వీకారం. విరామంలో ఇరుక్కున్నవాడికీ ఇదే గతి. తీసివేత గతాన్ని మరిచిపోతుంది, వెర్షన్ గుర్తు పెట్టుకుంటుంది. తేడా అంతా అక్కడే.

ఖర్చు లేదనను. ఆ ఖాళీ గుర్తు, మీ రెప్లికా ఎంత వెనకబడగలదో అంతకంటే ఎక్కువసేపు బతకాలి. మెమరీ నిండి రెడిస్ దాన్ని ముందే గెంటేస్తే కాపలా పోయినట్టే. నాలుగు టేబుళ్లు కలిపి తయారుచేసిన పేజీని క్యాష్‌లో పెడితే దానికి ఒకే వెర్షన్ అంటూ ఉండదు. అలాంటివి విడివిడి ముక్కలుగా దాచుకోవాలి. ఇక కమిట్ అయ్యాక, క్యాష్‌కి చెప్పేలోపు రాసే ప్రాసెస్ చచ్చిపోతే ఎవరు చెబుతారు? ఆ పనిని అప్లికేషన్ చేతిలోంచి తీసి డేటాబేస్ కమిట్ లాగ్ చదివే ప్రోగ్రామ్‌కి అప్పగించటమే పద్ధతి. ఫేస్‌బుక్ వాళ్లు మైఎస్‌క్యూఎల్ లాగ్ చదివి తీసివేతలను పంపించేది అలాగే.

ఇంత యాతన ఎందుకు, గడువు 60 సెకన్లు పెట్టి ఊరుకోవచ్చుగా అనేవారున్నారు. లైకుల సంఖ్యకు, వాతావరణ సూచనకు నిజంగానే ఊరుకోవచ్చు. అలాంటి చోట వెర్షన్లు పెట్టటం పనిలేని పనే. కానీ ఒక ఉద్యోగి అనుమతి రద్దు చేశాక ఆ 60 సెకన్లూ తలుపు తెరిచే ఉంటుంది. పైగా 60 అన్నది 60గా ఉండదు. ప్రాసెస్ లోపల ఒక క్యాష్, వెనక రెడిస్, ముందు యూజర్‌కి దగ్గర్లో నకళ్లు దాచే సీడీఎన్, మూడింటికీ 60 చొప్పున పెడితే, ఒక్కొక్కటీ గడువు ముగిసే క్షణంలో వెనకదాని నుంచి పాత విలువ తెచ్చుకుని 180 దాకా లాగగలవు.

అసలు ఈ జబ్బు ఇన్నాళ్లు కనబడకుండా ఎలా ఉంది? మనం కొలిచేది హిట్ రేటును, అంటే అడిగినవాటిలో ఎన్ని క్యాష్‌లోనే దొరికాయన్నదాన్ని కాబట్టి. డాష్‌బోర్డు మీద 99 శాతం వెలుగుతుంటుంది, సమీక్షలో అందరూ తల ఊపుతారు. పైన చెప్పిన `item:42` ఆ గంటలో ఇచ్చిన ప్రతి తప్పుడు జవాబూ ఆ 99లో హిట్‌గానే లెక్కకొచ్చింది! సులువుగా కొలవగలిగిందాన్నే మన రంగం మంచితనంగా పూజిస్తుంది. జవాబు వేగంగా వచ్చిందా అని అడిగే గ్రాఫ్‌లు వంద ఉంటాయి, జవాబు నిజమా అని అడిగేది ఒక్కటీ ఉండదు. టెస్టుల కవరేజీ శాతం, మూసేసిన టికెట్ల సంఖ్య, ఇవన్నీ ఇదే కుటుంబం.

కొలవలేమన్నది సాకు మాత్రమే. మెటా 2022లో వివరించిన పొలారిస్ అనే వ్యవస్థ తానూ ఒక క్యాష్ సర్వర్‌లా విలువ పాతబడిందని చెప్పే ఇన్వాలిడేషన్ సందేశాలను అందుకుని, క్లయింట్‌లా మిగతా క్యాష్‌లను అడిగి, ఎవరి దగ్గర పాతది మిగిలిందో పట్టుకుంటుంది. ఒకటి, ఐదు, పది నిమిషాల తర్వాత కూడా సర్దుకోనివి ఎన్నో లెక్క చెబుతుంది. అక్కడ 10 లక్షల రాతల్లో ఒకటి తేడాగా ఉండే స్థితి నుంచి 1,000 కోట్ల రాతల్లో ఒకటి కూడా కాని స్థితికి వచ్చారట. కనబడింది కాబట్టే బాగుచేయగలిగారు.

మనకు అంత యంత్రాంగం అక్కర్లేదు. వెర్షన్ ఉంటే చాలు. పదివేల హిట్‌లలో ఒకదాన్ని పక్కకు తీసి, ఐదు సెకన్లాగి, అదే కీ వెర్షన్‌ను క్యాష్‌లోనూ ప్రైమరీ డేటాబేస్‌లోనూ చదివి పోల్చండి. తేడా ఉంటే ఇంకో ఐదు సెకన్లకు మళ్లీ చూడండి. అప్పటికీ తేడా అలాగే ఉంటే లెక్కలో వేసి, హిట్ రేటు పక్కనే గ్రాఫ్ గీయండి. ఆ గ్రాఫ్‌కి హద్దు గీత ఎక్కడ గీయాలన్నప్పుడు ఇంజనీర్లు ప్రోడక్ట్ టీమ్ ముఖం చూస్తారు, వాళ్లు ఇంజనీర్ల ముఖం చూస్తారు. ఎందుకంటే స్టాక్ సంఖ్య ఎన్ని సెకన్లు పాతబడవచ్చు, వస్తువు వర్ణన ఎన్ని గంటలు పాతబడవచ్చు అని ఎవరూ ఎప్పుడూ నిర్ణయించి ఉండరు. కాన్ఫిగ్ ఫైల్‌లో రెండింటికీ ఎదురుగా 3600 అనే ఉంటుంది.