సవరణ: మాయ కిందికి ఉంటే కాన్పు దాకా కలయిక వద్దని రాసిన మాట గురించి

"అయిదో నెల స్కాన్‌లో మాయ కిందికి ఉందన్నారు. మీరు రాసినట్టు కాన్పయ్యేదాకా మేం దూరంగా ఉండాల్సిందేనా అక్కా?"

లేదమ్మా, నేను రాసింది తప్పు. గర్భిణుల వైద్యులు పాటించే మార్గదర్శకాల ప్రకారం సరైన మాట ఇది.

మాయ అంచు గర్భాశయ ముఖద్వారానికి 2 సెంటీమీటర్ల లోపు ఉంటే కిందికి ఉందంటారు. 20 వారాలప్పుడు అలా కనిపించినా, గర్భాశయం కింది భాగం సాగేకొద్దీ చాలామందిలో ఆ అంచు పైకి జరిగిపోతుంది, అందుకే 32 వారాల దగ్గర మళ్లీ స్కాన్ చేస్తారు. ఉదాహరణకు 20 వారాలకు 1.2 సెంటీమీటర్లున్న దూరం 32కి 3.5 అయిందనుకోండి, రక్తస్రావం కూడా లేకపోతే మామూలుగా ఆ కారణంతో కలయిక ఆపాల్సిన పని ఉండదు, అయితే ఆ మాట మీ డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా మాత్రం ఆవిడ వద్దంటే వద్దు. మాయ ద్వారాన్ని పూర్తిగా కప్పేసి అలాగే ఉండిపోతే కాన్పు దాకా ఆగాల్సిందే, ఎందుకంటే అక్కడ తగిలే ఒత్తిడికి నొప్పి లేకుండానే ఎక్కువ రక్తం పోవచ్చు.

ఉమ్మనీరు కారుతున్నా, ముందస్తు నొప్పులు వచ్చినా, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉందన్నా, కుట్టు వేసినా కూడా సాధారణంగా వద్దంటారు.

మాయ పైనే ఉన్నవాళ్లకి కలయిక తర్వాత లోదుస్తుల మీద గులాబీ రంగు మరక కనిపించడం, పొట్ట కాసేపు గట్టిపడి మళ్లీ వదలడం మామూలే, బిడ్డకి దెబ్బ తగలదు, ఉమ్మనీరు కాపాడుతుంది. అయినా మరక సంగతి డాక్టర్‌కి చెప్పండి. ఎర్రటి రక్తం పోతున్నా, నొప్పులు ఆగకపోయినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.