తప్పులో సగం ఒప్పుకున్నారు, నష్టంలో సగం ఇవ్వలేదు

పుట్టపాకకు చెందిన ఒక నేత కుటుంబం చేతికి ఆగస్టు మొదటి వారంలో ఒక కొరియర్ కంపెనీ లేఖ వచ్చింది. పంపిన చీరలు దారిలో తడవడంలో తప్పు కొంత తమదేనని, జరిగినదానికి విచారిస్తున్నామని, అందుకు బదులుగా తర్వాతి బుకింగ్‌లలో వాడుకునే 900 రూపాయల క్రెడిట్ ఇస్తున్నామని ఆ లేఖ సారాంశం. ఫిర్యాదుకు జవాబే రాని రోజులు చూసినవాళ్లకు ఇది ఎంతో మర్యాదగా కనిపిస్తుంది. చూసిన బంధువులు కూడా ఆ మాటే అన్నారు. నా అభిప్రాయం వేరు. ఆ లేఖ మాటల్లో తప్పు ఒప్పుకుని, లెక్కలో దాన్ని వెనక్కి తీసుకుంది. దాన్ని అంగీకరించకూడదు.

సంగతి క్లుప్తంగా ఇది. జూలై 11న చౌటుప్పల్‌లో నాలుగు పట్టు ఇక్కత్ చీరల పార్సిల్‌ను విజయవాడలోని ఒక దుకాణానికి బుక్ చేశారు. చీర ధర 9,000 రూపాయలు. రవాణా రుసుము 450, దానిపై 18 శాతం జీఎస్టీ 81, మొత్తం 531 రూపాయలు కట్టారు. పార్సిల్ దారిలో వానకు తడిసింది. రెండు చీరలు బాగానే ఉన్నాయి. ఒకదానిలో ఎరుపు పక్కనున్న తెలుపు గళ్లలోకి పాకింది, దాన్ని దుకాణదారు 6,000కు తీసుకున్నారు. మరొకదానిలో కొంగు మొత్తం రంగు దిగి, అమ్మడానికి పనికిరాకుండా పోయింది. అంటే నష్టం 3,000, 9,000 కలిపి 12,000 రూపాయలు.

బండిపై కప్పిన టార్పాలిన్ చిరిగి ఉన్న మాట నిజమేనని కంపెనీ రాసింది. అయితే లోపల పాలిథిన్ కవరు వేయకపోవడం పంపినవారి పొరపాటు కనుక బాధ్యత చెరిసగమని తేల్చింది. మంచిది, ఆ చెరిసగాన్నే ఒప్పుకుందాం. మరి ఆ సగం దేనిలో సగం? నష్టంలో సగమైతే 6,000 రూపాయలు రావాలి. కంపెనీ ఇస్తానన్న 900 రూపాయలు రవాణా రుసుముకు రెట్టింపు. బాధ్యతను నష్టంతో కొలిచి, చెల్లింపును రుసుముతో కొలిచారు. ఒకే లేఖలో, రెండు పేరాల మధ్య, కొలత మారిపోయింది. విచారం తెలిపే మాటల నడుమ ఆ మార్పు కంటపడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అసలు చెరిసగమన్న నిర్ణయం కూడా నిలిచేది కాదు. అట్టపెట్టె ఎక్కడ తడిసిందో చూస్తే నీళ్లు ఎటునుంచి వచ్చాయో చాలావరకు తెలుస్తుంది. అడుగు నాని పైభాగం పొడిగా ఉంటే గోదాములో నేలమీది నీళ్లలో పెట్టారని అనుమానించాలి. పైమూత నాని అడుగు పొడిగా ఉంటే పైనుంచి కారిందని అనుకోవాలి. ఈ పెట్టె పైమూత మెత్తబడి చేతిలో ఊడి వచ్చింది, అడుగు గట్టిగానే ఉంది. దుకాణదారు డెలివరీ రసీదుపై పైభాగం తడిసి ఉన్నట్టు రాసి, ఫోటో తీసి ఉంచారు. పాలిథిన్ ఉంటే నష్టం తగ్గేదన్నది నిజమే. కానీ నీళ్లు లోపలికి రావడానికి కారణం పాలిథిన్ లేకపోవడం కాదు, టార్పాలిన్ చిరగడం. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కొరియర్ ఏజెన్సీలను కూడా కామన్ క్యారియర్ల కిందే, అంటే రుసుము తీసుకుని సరుకు చేరవేసే రవాణాదారుల కిందే లెక్కిస్తుంది. దైవిక విపత్తు, యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వ ఆంక్షల వంటి కొన్ని కారణాలు తప్పిస్తే దారిలో సరుకుకు జరిగిన నష్టానికి క్యారియరే బాధ్యుడని 17వ సెక్షన్ చెబుతుంది. తగిన జాగ్రత్తతో తప్పించగలిగిన నష్టమైతే ఆ మినహాయింపులు కూడా వర్తించవు. జూలైలో వాన పడటం ఏ రవాణాదారుకూ ఊహించని విషయం కాదు.

కంపెనీ తరఫున చెప్పగలిగిన బలమైన మాట ఒకటుంది. రసీదులో సరుకు విలువ గడి ఖాళీగా ఉంది. పెట్టెలో 36,000 రూపాయల సరుకు ఉందని తెలియనప్పుడు 450 రూపాయల రుసుముకు అంత బాధ్యత ఎలా మోయాలన్నది వారి ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్నే, చట్టం కూడా దీన్ని గుర్తించింది. సరుకు విలువ ప్రకటించి, ఎక్కువ రిస్కు రేటు కట్టకపోతే క్యారియర్ బాధ్యతకు పరిమితి ఉంటుంది, 2011 నాటి నిబంధనలు ఆ పరిమితిని రుసుముకు పది రెట్లుగా పెట్టాయి. ఆ లెక్కన కూడా 4,500 రూపాయలవుతుంది. అంటే కంపెనీకి అత్యంత అనుకూలమైన వాదనను పూర్తిగా ఒప్పుకున్నా, ఇస్తానన్నది అందులో అయిదో వంతే.

ఆ అయిదో వంతు కూడా డబ్బు కాదు. క్రెడిట్‌ను 90 రోజుల్లో వాడుకోవాలి, ఒక్కో బుకింగ్‌లో సగం వరకే తగ్గిస్తారు. 900 మొత్తం రాబట్టుకోవాలంటే 450 రూపాయల పార్సిళ్లు నాలుగు, మరో 900 సొంత డబ్బు కట్టి, చీరలు తడిపిన ఆ కంపెనీ చేతికే ఇవ్వాలి. ఈ ఇంట్లో పట్టు నూలు అప్పు మీద తెచ్చుకున్నది. ఆసు పోసి, చిటికి కట్టి, రంగులద్ది, మగ్గమెక్కించిన చీర పోయాక, నూలు బాకీకి ఆ క్రెడిట్ చెల్లదు, ఇంటి ఖర్చుకూ చెల్లదు. నష్టపోయినవారిని మళ్లీ తమ కౌంటరుకే రప్పించేదాన్ని పరిహారమని పిలవకూడదు. నిజంగా సేవలో లోపమని ఒప్పుకునే సంస్థ జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ ప్రకారం పాత బిల్లును తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇచ్చి, 531 రూపాయలు తిరిగి చెల్లించి, ఆ తర్వాత నష్టం మాట మాట్లాడవచ్చు. ఇక్కడ పాత బిల్లు చెక్కుచెదరలేదు.

ఇంతకంటే ప్రమాదకరమైన వాక్యం లేఖ చివర్లో ఉంది. క్రెడిట్ వాడుకుంటే ఫిర్యాదు పూర్తిగా పరిష్కారమైనట్టేనట. మరోవైపు, దావా వేయాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు క్యారియర్‌కు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలని రవాణా చట్టం 16వ సెక్షన్ అంటోంది. ఫోన్‌లో చేసిన ఫిర్యాదులనూ, కౌంటరులో పడిన గొడవనూ నమ్ముకుని ఉండకూడదు. క్రెడిట్ గడువు నవంబరు మొదట్లో ముగుస్తుంది. అది వాడాలా వద్దా అని తర్జనభర్జన పడుతూ ఉంటే నోటీసు గడువు కూడా దగ్గరపడుతుంది.

ఇక్కడ చేనేత విధానం గురించి నాకున్న పాత బాధ చెప్పక తప్పదు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలు, మగ్గం, రంగుల గురించి పథకాలున్నాయి. చీర మగ్గం దిగి బండెక్కాక దానికి రక్షణ ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఏ సమావేశంలోనూ వినబడదు. విలువ ప్రకటించి ఎక్కువ రిస్కు రేటు కట్టే వీలు చట్టంలోనే ఉంది. ఒక్కో కుటుంబం కౌంటరులో నిలబడి ఆ రేటు అడిగితే విసుక్కుంటారు. సహకార సంఘం ఊరి పార్సిళ్లన్నిటికీ కలిపి ఒకే ఒప్పందం చేసుకుని, విలువ గడిని తానే నింపితే పది రెట్ల పరిమితి అడ్డు రాదు.

ప్రస్తుతానికి ఆ కుటుంబం చేయవలసింది క్రెడిట్ ముట్టకుండా, రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో జవాబు పంపడం. టార్పాలిన్ చిరిగిందన్న మీ అంగీకారాన్ని నమోదు చేసుకుంటున్నాం, క్రెడిట్‌ను తిరస్కరిస్తున్నాం, నష్టం 12,000 రూపాయలు, దీన్ని 16వ సెక్షన్ కింద నోటీసుగా తీసుకోండి అని అందులో స్పష్టంగా ఉండాలి. రసీదు, ఫోటో, దుకాణదారు రాతల నకళ్లు జతచేయాలి. బతుకుతెరువు కోసం స్వయంగా నేసి అమ్ముకునేవారిని కూడా వినియోగదారుల చట్టం వినియోగదారులుగానే చూస్తుంది, నివాసమున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు. జూలై 11 నుంచి లెక్కిస్తే నోటీసుకు 180 రోజులు జనవరి 7తో ముగుస్తాయి.