ఇరవై శాతం తగ్గింపు, పది గోలీల జ్వరం

హైదరాబాద్‌లో జ్వరం కంటే ముందు తగ్గేది మందు ధర. కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ మెడికల్ షాపు బోర్డు చూసినా ఎమ్మార్పీ మీద 20 శాతం తగ్గింపు అని ఉంటుంది. ఇంతటి దాతృత్వాన్ని శంకించడం మర్యాద కాదు. కాబట్టి శంకించకుండా ఒక్క భాగహారం మాత్రం చేసి చూద్దాం.

షాపువాళ్లు తగ్గించేది షీటు మీద. డాక్టరు రాసేది గోలీల లెక్కన. వీళ్లిద్దరికీ ఇంతవరకు పరిచయమైనట్టు లేదు. యాంటీబయాటిక్ రోజుకు రెండు చొప్పున ఐదు రోజులు వాడమన్నారంటే పది గోలీలు కావాలి. కంపెనీ షీటుకు ఆరే పెట్టింది. షీటు ఎమ్మార్పీ 150 రూపాయలు అనుకుందాం. అంటే గోలీ 25. తగ్గింపు పోను షీటు 120, గోలీ 20.

"అన్నా, పది చాలు, కట్ చేసి ఇవ్వు" అని అడిగితే బోర్డు మీది దాతృత్వం కాస్త తటపటాయిస్తుంది. "లూజుకి డిస్కౌంట్ రాదు సార్. రెండు షీట్లు తీసుకోండి, 240కే వస్తాయి. పది లూజుగా అయితే 250." వాదన అకాట్యం. పన్నెండు గోలీలు పదింటి కంటే చవక! జనం పన్నెండూ కొనేసి, పది రూపాయలు మిగిలాయన్న తృప్తితో ఇంటికి పోతారు. మింగాల్సిన పదింటికి 240 ఇచ్చారు, అంటే గోలీ 24. ఇరవై శాతం తగ్గింపు ఇల్లు చేరేసరికి నాలుగు శాతం అయింది. మిగతాది ఆ రెండు గోలీల రూపంలో ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంది, ఇంటి వైద్యుడి స్థానంలో తర్వాతి జలుబు కోసం ఎదురుచూస్తూ. ఆ జలుబుకి అది పనిచేయదన్న సంగతి డబ్బాకు ఎవరూ చెప్పరు.

కౌంటరు దగ్గర ఎవరూ పలకని మూడో దారి ఒకటుంది. ఒక షీటు నిండుగా తీసుకుంటే 120, మిగతా నాలుగూ లూజుగా 100. మొత్తం 220, మిగిలేది సున్నా. దీని వెనక సూత్రం చిన్నదే. తగ్గింపు 20 శాతమైతే, షీటులో 80 శాతం కంటే తక్కువ గోలీలు కావాల్సినప్పుడు కట్ చేయించడమే లాభం. పది గోలీల షీటులో ఎనిమిది కావాలంటే రెండూ ఒకటే, ఏడైతే కత్తెర గెలుస్తుంది. ఆరింట్లో ఐదు కావాలంటే మాత్రం షీటే తీసుకోవాలి. లూజుగా ఐదుకు 125 అవుతుంది మరి.

లూజు కదా అని గోలీ 25 దాటించి అడిగితే అది కుదరదు. విడిగా అమ్మేటప్పుడు షీటు ధరను గోలీలకు పంచగా వచ్చిన దానికి మించి తీసుకోకూడదని 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ సాధారణంగా షీటు ఒక అంచునే ముద్రిస్తారు కాబట్టి కత్తెర ఆ అంచు మన వాటాలోకి వచ్చేలా పడాలి. లేదంటే కోయకముందే ఫోనులో ఫొటో తీసుకోవాలి.

ఇక సగంలో ఆగిన కోర్సు. రెండు రోజులకే ఒంటి మీద దద్దుర్లొచ్చి డాక్టరు మందు మార్చారనుకోండి. మింగినవి నాలుగు. రెండు నిండు షీట్లు కొన్నవారు ముట్టని షీటును బిల్లుతో పట్టుకెళ్తే, తెలిసిన షాపైతే, వెనక్కి తీసుకోవచ్చు. ఇచ్చేది 120, ఎమ్మార్పీ 150 కాదు. తగ్గింపు వెళ్లేటప్పుడే కాదు, వచ్చేటప్పుడూ వర్తిస్తుంది, ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. ఖర్చు 120, గోలీ 30: ఎమ్మార్పీ కంటే ఐదు ఎక్కువ. ఇందాక తెలివిగా 220కి కొన్నవారు నిండు షీటునే ముందు విప్పి ఉంటే వాళ్ల సంగతి ఇంకా ఘోరం. విప్పిన షీటూ, కోసిన ముక్కా ఏ షాపూ తీసుకోదు, మింగిన నాలుగూ ఒక్కోటి 55 పడ్డాయి.

అందుకే కొత్త మందు పడుతుందో లేదో తెలియనప్పుడు ముందు ఒక షీటే కొనాలి. ఆరు గోలీలు మూడు రోజులొస్తాయి, ఆపాల్సి వచ్చినా పోయేది 120. సరిపడితే మూడో రోజు సాయంత్రంలోగా మిగతా నాలుగూ తెచ్చుకోవాలి. జ్వరం దిగింది కదా అని ఆ షాపు ప్రయాణాన్నే రద్దు చేసి దాన్ని పొదుపు ఖాతాలో వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఆపడమా వద్దా అన్నది డాక్టరు తేల్చాల్సిన లెక్క, భాగహారం కాదు.

వేరే కంపెనీ అదే మందును, అదే మోతాదులో, పది గోలీల షీటుగా 180కి అమ్ముతుందనుకోండి. తగ్గింపు సున్నా, గోలీ 18. డాక్టరు సరేనంటే ఇంతసేపు మనం చేసిన గణితమంతా వృథా. ఏం లాభం, ఆ షీటు గురించి రాయడానికి బోర్డు మీద ఏమీ లేదు.