నవ్వించాలంటే ముందు అతని నవ్వు తెలియాలి

భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న నా స్నేహితుడికి ఈమధ్య ఒక చెడ్డ వారం వచ్చింది. అరవై రోజుల పంటకి వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు తగిలింది. సోమవారం నాలుగు రొయ్యలు గట్టుకొచ్చాయి, బుధవారానికి గుంపులుగా తేలాయి. ఇక ఆగితే ఏమీ మిగలదని రాత్రికి రాత్రే రొయ్యలన్నీ పట్టించేశాడు. కౌంట్ వంద. అంటే కిలోకి వంద రొయ్యలన్నమాట. ఆ సైజుకి వచ్చే ధర తక్కువ, పెట్టుబడి తిరిగి రాలేదు.

శనివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. కాస్త నవ్వితే తేలికపడతాడని మంచి పేరున్న ఒక కామెడీ పెట్టాను. ఊరంతా అప్పులు చేసి, అప్పులవాళ్ళకి దొరక్కుండా తిరిగే హీరో కథ అది. పది నిమిషాలకే మావాడు ఫోన్ తీశాడు. "అచ్చం నాలాగే ఉన్నాడ్రా వీడు" అని ముక్కుతో నవ్వాడు. వాళ్ళావిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తప్పు సినిమాది కాదు, ఎంచుకున్న నాది.

ఎందుకు తప్పయిందో తర్వాత ఆలోచించాను. కెనడా మనస్తత్వవేత్త రాడ్ మార్టిన్ బృందం 2003లో మనుషుల హాస్యాన్ని కొలిచే ఒక ప్రశ్నావళి ప్రచురించింది. అందులో హాస్యం నాలుగు రకాలు. నలుగురినీ కలుపుకుని నవ్వించేది ఒకటి. కష్టంలో కూడా తనలో తాను నవ్వుకుని నిలదొక్కుకునేది రెండోది. ఎదుటివాళ్ళని పొడిచేది మూడోది. నలుగురి మెప్పు కోసం తనని తాను కించపరచుకునేది నాలుగోది. ఈ నాలుగోది ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఆందోళన, దిగులు కూడా ఎక్కువగా ఉండటం వాళ్ళ అధ్యయనంలో కనిపించింది. జోకులు వేసేవాడు బాగానే ఉన్నాడని మనం అనుకునేస్తాం. అది నిజం కాకపోవచ్చు.

మావాడు ఆ నాలుగో రకం. ఆ వారమంతా ఎవరు పలకరించినా, "నేను దిగితే సముద్రానికైనా తెగులొస్తుందండీ" అనేవాడు. అందరూ నవ్వేవారు. నిజానికి కొనితెచ్చిన రొయ్యపిల్లల నుంచో, పక్క చెరువు నీళ్ళ నుంచో వైరస్ వస్తే రైతు ఒక్కడి చేతిలో ఏముంటుంది? అయినా తప్పంతా తన నెత్తిన వేసుకుని, దాన్నే జోకుగా చెబుతున్నాడు. అలాంటి మనిషి ముందు చేతకానివాణ్ణి లెంపకాయలు కొట్టి నవ్వించే సినిమా పెడితే ఏమవుతుంది? తెర మీద దెబ్బలు తినేవాడిలో తననే చూసుకుంటాడు. పైగా కష్టం ఇంకా పచ్చిగా ఉంది. అప్పు మీద జోకుకి అప్పు తీరినవాడు నవ్వినట్టు, నిన్న వడ్డీ లెక్క కట్టినవాడు నవ్వలేడు.

అదే మరో స్నేహితుడైతే నా ఎంపిక వేరుగా ఉండేది. వాడికి కోపమొస్తే ఊళ్ళో పెద్దమనుషులందరినీ అనుకరించి నవ్విస్తాడు. వాడికి డాబుసరి మనిషి బోల్తాపడే వ్యంగ్యమే హాయి. మావాడికి మాత్రం ఎవరూ ఓడిపోని హాస్యం కావాలి.

ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి జంధ్యాల 1984లో తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ' పెట్టాను. ఆయన పుట్టింది మన నరసాపురంలోనే. ఆ సినిమాలో నవ్వంతా మనుషుల పిచ్చి అలవాట్లలోంచి పుడుతుంది. శ్రీలక్ష్మి పాత్రకి సినిమా కథ చెప్పడమంటే టైటిల్స్ దగ్గర నుంచి మొదలుపెట్టడమే. ఆమె ధోరణి ఆమెది, వినేవాడి అవస్థ వినేవాడిది. అక్కడ డబ్బు పోదు, ఎవరి పరువూ పోదు. పైగా మావాడు దాన్ని చిన్నప్పటి నుంచి చాలాసార్లు చూశాడు. మనసు అలసిపోయినప్పుడు ఇదొక మేలు. కొత్త కథని పట్టుకోవాల్సిన పని లేదు. నవ్వు ఎక్కడొస్తుందో తెలుసు కాబట్టి దానికోసం ఎదురుచూడొచ్చు.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. నీకోసమే పెడుతున్నానని చెప్పలేదు, వాడి మొహంలోకి చూడలేదు. నవ్వాల్సిన బాధ్యత మీద పడితే ఎవరికైనా నవ్వు రాదు. రెండున్నర గంటలూ కూర్చోబెట్టాలని కూడా అనుకోలేదు, అరగంట చూసినా చాలనుకున్నాను. వారాల తరబడి నిద్ర, తిండి లేకుండా ఉన్న మనిషైతే సినిమా సరిపోదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మావాడు ఆ స్థితిలో లేడని వాళ్ళావిడని అడిగి తెలుసుకున్నాకే టీవీ పెట్టాను.

మొదటి ఇరవై నిమిషాలు ఊరికే చూశాడు. తర్వాత ఫోన్ బోర్లా పెట్టాడు. శ్రీలక్ష్మి కథ అందుకునేసరికి ఆమె కంటే ముందే తను అనడం మొదలుపెట్టాడు. ఆ నవ్వులో ముక్కు శబ్దం లేదు. "ఇదిగో, ఇలా రా, ఇది వచ్చింది" అని వంటింట్లోకి కేకేశాడు. ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి వాడి పక్కన కూర్చుంది.