ఆర్నెల్ల రూల్ ఎవరి కోసం?

థీసిస్ సబ్మిట్ చేసిన రోజు నుంచి వైవా రిజల్ట్ చెప్పేదాకా మొత్తం తతంగం ఆర్నెల్లలో అయిపోవాలి. ఇది మేం అంటున్న మాట కాదు, యూజీసీ 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్‌లో రాసి ఉన్నదే. మన సిటీలోనే ఒక యూనివర్సిటీలో బయాలజీ చేసిన ఒకమ్మాయి 2024 నవంబర్‌లో థీసిస్ ఇచ్చింది, వైవా 2025 అక్టోబర్‌లో అయింది, అంటే పదకొండు నెలలు. ఈ మధ్యలో సెప్టెంబర్ 10న పీహెచ్‌డీ అయ్యాక రీసెర్చ్ చేసేవాళ్లకి యూరప్ వాళ్లిచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ గడువు వచ్చి వెళ్లిపోయింది. ఆ రోజుకి డిగ్రీ చేతిలో లేకపోయినా పర్లేదు, వైవా పాసయి ఉంటే చాలు అన్నారు వాళ్లు. అదీ లేదు ఈ అమ్మాయికి. ఐదు వారాల తేడాతో పోయింది. ఏడాదికి ఒక్కసారి వచ్చే గడువు అది.

పదకొండు నెలలు ఆ థీసిస్ ఎక్కడుందో చూస్తే కోపం రాక మానదు. ఎగ్జామినర్ల ప్యానెల్ లిస్టు గైడ్ దగ్గర్నుంచి ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కి, అక్కడి నుంచి వీసీ సంతకానికి పోయి రావడానికే రెండు నెలలకి పైగా పట్టింది. తర్వాత ఇద్దరు బయటి ఎగ్జామినర్లకి థీసిస్ పంపితే ఒకాయన నెలన్నరలో రిపోర్ట్ ఇచ్చేశారు, ఇంకొకాయన ఉలకలేదు పలకలేదు. ఇలాంటప్పుడు రిమైండర్ పెట్టాలి, దానికీ జవాబు రాకపోతే ప్యానెల్లో తర్వాతి పేరుకి పంపాలి, అంతకన్నా బ్రహ్మవిద్య ఏం లేదు. కానీ మొదటి రిమైండర్ పోయిందే ఐదో నెలలో. ఈ అమ్మాయి వారానికోసారి సెక్షన్‌కి వెళ్తే "ఇంకా రాలేదమ్మా, సోమవారం ఒకసారి కనుక్కో" అనేవాళ్లట. ఎన్ని సోమవారాలో లెక్క పెట్టడం మానేశానంది. అప్పటికే ఐదేళ్ల జేఆర్ఎఫ్ ఫెలోషిప్ అయిపోయింది కాబట్టి నెలకి రూపాయి రాదు, ఇంట్లోవాళ్లని అడగలేక తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్లో క్లాసులు చెప్పుకుంది.

యూనివర్సిటీలో ఉన్న పెద్దలకి బహుశా తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మేరీ క్యూరీకి విద్యార్థి ఒక్కరే కూర్చుని అప్లై చేసేది కాదు, అక్కడి ల్యాబ్, ఆ సంస్థ కలిసి పెట్టాల్సిన అప్లికేషన్. పది పేజీల ప్రపోజల్ రాయాలి, వంద మార్కుల్లో సైన్స్ ఎంత బాగుందో దానికి 50, దాని వల్ల ఏం ఒరుగుతుందో దానికి 30, పని ఎలా నడుపుతారో దానికి 20. అది రాయడానికి ప్రొఫెసర్ తన టైం రెండు మూడు నెలలు పెట్టాలి. అందుకే చాలా ల్యాబ్‌లు ఏడాదికి ఒకరినో ఇద్దరినో మాత్రమే తీసుకుంటాయి, వాళ్లని కూడా వేసవిలోపే ఖాయం చేసుకుంటాయి. ఈ అమ్మాయి జనవరిలోనే జర్మనీలో ఒక ల్యాబ్‌కి మెయిల్ రాసింది, ఊరికే కాదు, ఆ ల్యాబ్ పేపర్లు చదివి తన థీసిస్‌లో ఏ భాగం వాళ్ల పనికి అతుకుతుందో రాసి, అక్కడ అంతకుముందు పోస్ట్‌డాక్ చేసిన ఇద్దరిని ఆ ప్రొఫెసర్ ఎలాంటివారని, పేపర్లు టైంకి వస్తాయా అని కూడా కనుక్కుని మరీ రాసింది. ప్రొఫెసర్‌కి నచ్చింది. ఆన్‌లైన్లో రెండుసార్లు మాట్లాడారు. చివరికి ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది, మీ వైవా ఏ తేదీన అని. మే నెలలో ఆ ప్రశ్నకి ఈమె దగ్గర జవాబు లేదు, గైడ్ దగ్గర లేదు, సెక్షన్ ఆఫీసర్ దగ్గర అసలే లేదు. జూన్‌లో ఆ చోటు ఇంకొకరికి వెళ్లిపోయింది. అదే మేలో ఆర్నెల్లు పూర్తయ్యాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. రూల్ ప్రకారం నడిచి ఉంటే ఆ మెయిల్‌కి జవాబు "అయిపోయింది సార్" అని ఉండేది.

వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు కదా అంటారు కొందరు. పెట్టుకోవచ్చు, కానీ 2024లో 10,360 అప్లికేషన్లు వచ్చిన చోట 2025లో 17,058 వచ్చాయి, ఏడాది ఆగితే క్యూ పొడుగవుతుందే తప్ప తగ్గడం లేదు. పైగా ఇందులో ఇంకో చిక్కుంది. ఈలోగా ఖాళీగా ఎందుకని అదే దేశంలో ఏదో ఒక ప్రాజెక్ట్ జీతం మీద చేరితే, గడువు తేదీకి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకి మించి ఉన్నవాళ్లు అక్కడికి అప్లై చేయడానికి లేదు. అంటే 2026 జనవరిలో జర్మనీ వెళ్లి చేరితే 2026 సెప్టెంబర్‌కి ఎనిమిది నెలలే కాబట్టి ఒక ఛాన్స్ ఉంటుంది, అది తప్పితే 2027 సెప్టెంబర్‌కి ఇరవై నెలలు దాటి జర్మనీ తలుపు మూసుకుపోతుంది. జర్మనీ వాళ్ల హంబోల్ట్ ఫెలోషిప్ లాంటివి ఏడాది పొడవునా అప్లికేషన్లు తీసుకుంటాయి నిజమే, అక్కడ కూడా పేపర్లు, చేర్చుకునే ల్యాబ్ ఇచ్చే హోస్ట్ లెటర్ కావాలి, ఆ హోస్ట్ మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు.

ఎగ్జామినర్లు జవాబివ్వకపోతే మేమేం చేస్తాం, వాళ్లకిచ్చే రెమ్యునరేషన్ కూడా తక్కువ అని యూనివర్సిటీల వైపు నుంచి వినిపించే మాట. కొంత నిజముంది. 2024 మే నుంచి అక్టోబర్ దాకా తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీలు ఇన్‌చార్జి వీసీలతోనే నడిచాయి కాబట్టి ఫైళ్లు పేరుకుపోయి ఆ తర్వాత కూడా సంతకాలు ఆలస్యం అయ్యాయంటే అది కూడా ఒప్పుకుంటాం. కానీ ఐదో నెలదాకా రిమైండర్ పంపకపోవడానికి ఏ ఎగ్జామినర్ కారణం? వైవా ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చని అవే రెగ్యులేషన్స్ చెప్తున్నా, ఎగ్జామినర్ రైలు టికెట్ దొరకలేదని రెండు వారాలు వాయిదా వేయడానికి ఎవరు కారణం?

మాకు మింగుడు పడనిది ఆలస్యం కూడా కాదు, ఈ రెండు నాల్కల ధోరణి. విద్యార్థి పీహెచ్‌డీలో చేరి ఆరేళ్లు దాటితే అదే రెగ్యులేషన్ పుస్తకం తెరిచి రీ-రిజిస్ట్రేషన్ చేసుకో, ఫీజు కట్టు, ఎందుకు లేటయిందో రాసివ్వు అంటారు. అక్కడ ఒక్క రోజు కూడా వదలరు. అదే పుస్తకంలో ఇంకో పేజీలో తమకి రాసిపెట్టిన ఆర్నెల్లు మాత్రం ఎవరికీ కనపడవు. విద్యార్థి లేటయితే తప్పు, ఆఫీసు లేటయితే ప్రొసీజరా? థీసిస్ ఆర్నెల్లలో తేల్చనందుకు ఒక్క ఆఫీసర్ అయినా ఎప్పుడైనా రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చారా?

ఇది మారేదాకా విద్యార్థులు రూల్‌ని నమ్ముకుని లెక్క వేసుకోవద్దు. సెప్టెంబర్ గడువు కావాలనుకుంటే అంతకుముందు ఏడాది సెప్టెంబర్, అక్టోబర్లలోనే థీసిస్ ఇచ్చేయండి, ల్యాబ్‌కి రాసేటప్పుడు వైవా తేదీ మీ చేతిలో లేదని మొదటి మెయిల్లోనే చెప్పేయండి, రెండో రిపోర్ట్ మూడు నెలల్లో రాకపోతే గైడ్‌తో లెటర్ పెట్టించి ప్యానెల్లో తర్వాతి పేరు అడగండి. వైవా అయ్యాక డిగ్రీకి ముందు ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇవ్వాలని కూడా రెగ్యులేషన్స్‌లోనే ఉంది, మొహమాటపడకుండా అడిగి తీసుకోండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

రిజిస్ట్రార్లని మేం అడిగేది చిన్న పని. మీ ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో ఇవాళ ఎన్ని థీసిస్‌లు ఉన్నాయి, ఏది ఏ తేదీన వచ్చింది, ఎగ్జామినర్‌కి ఎప్పుడు పంపారు, రిమైండర్ ఎప్పుడు పెట్టారు, ఈ నాలుగు తేదీలు ఒక కాగితం మీద రాసి ఈ వారంలో నోటీస్ బోర్డుకి అంటించండి. ఆర్టీఐ పెడితే ముప్పై రోజుల్లో ఎలాగూ ఇవ్వాల్సిందే, కానీ ఇంకా వైవా కాని పిల్ల తన యూనివర్సిటీ మీదే ఆర్టీఐ పెడుతుందా, మీకు తెలియదా? ఆ కాగితం అంటించే ధైర్యం లేకపోతే, ఆరేళ్లు దాటిన విద్యార్థుల దగ్గర రీ-రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేయడం ముందు ఆపండి.